ఇంటర్వ్యూకి ముందురోజు కొత్త బూట్లా?

సంపాదకుడు గారికి,

పదిహేను రోజుల కింద మీ ఆదివారం సంచికలో వచ్చిన కథ గురించి ఇది. అప్పుడే రాద్దామనుకున్నా, పెళ్ళిళ్ళ సీజన్, షాపులో బట్టలు కుప్పలు పడి ఉన్నాయి. కృత్రిమ కాలున్న కుర్రాడు క్యాంపస్ ఇంటర్వ్యూకి తయారయ్యే కథ. మా వీధిలో ముగ్గురు చదివి కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం కోపమొచ్చింది. నేను హనుమకొండలో ముప్పై ఏళ్ళుగా ప్యాంట్లు కుడుతున్న దర్జీని. మా రెండో వాడికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. పదిహేడేళ్ళప్పుడు బండి మీద నుంచి పడ్డాడు. అందుకని ఆ కథలో కన్నీళ్ళ కన్నా నాకు బూట్లు, ప్యాంటు ముందు కనబడ్డయి.

కథలో తండ్రి ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం అప్పు చేసి కొడుక్కి నల్ల తోలు బూట్లు కొనిస్తాడు. మర్నాడు కొడుకు అవి వేసుకుని రాజాలా నడిచి వెళ్తాడు. నడవడు సార్, బోర్లా పడతాడు. మామూలు కృత్రిమ పాదం మన పాదంలా చీలమండ దగ్గర వంగదు. ఏ బూటుతో కాలు సరిచూసుకున్నారో, ఆ హీలు ఎత్తుకే అది అలవాటవుతుంది. హీలు ఎక్కువైతే కాలంతా ముందుకి వాలుతుంది, మోకాలు తనంతట తనే మడతపడబోతుంది. తక్కువైతే మోకాలిని వెనక్కి తోసేస్తుంది, చదును నేల మీద కూడా గుట్ట ఎక్కుతున్నట్టుంటుంది.

మా వాడి ఇంటర్వ్యూకి నేనూ అదే తప్పు చేశాను, కాకపోతే పది రోజుల ముందు. కొత్త బూట్లు వేసుకుని నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని, "బాపూ, ముందుకు పడ్తున్న" అన్నాడు. స్కేలు తీసుకుని కొలిచాను. చూడాల్సింది హీలు మందం ఒక్కటే కాదు, వెనక మందంలోంచి ముందు అట్ట మందం తీసేస్తే మిగిలేది. వాడి పాత స్పోర్ట్స్ బూటుకి వెనక 22 మిల్లీమీటర్లు, ముందు 12, అంటే తేడా 10. కొత్త దానికి వెనక 30, ముందు 8, తేడా 22. ఖరీదైన కాళ్ళకైతే చీలమండ దగ్గర స్క్రూలుంటాయి, టెక్నీషియన్ తాళంచెవి లాంటి పనిముట్టుతో సరిచేస్తాడు. మా వాడిది పైపుతో చేసిన మామూలు కాలు, దాంట్లో తిప్పడానికేమీ లేదు. కాలు మార్చలేం కాబట్టి బూటు మార్చాం. వరంగల్ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే ఆయన హీలులో ఆరు మిల్లీమీటర్ల పొర గీకి, ముందు ఆరు మిల్లీమీటర్ల రబ్బరు అతికించాడు. వెనక 24, ముందు 14, తేడా మళ్ళీ 10. రెండు బూట్లకీ ఒకేలా చెయ్యాలి, లేకపోతే ఒక కాలు పొట్టిదై నడుము పట్టేస్తుంది. వంగని ఆ పాదానికి తోలు బూటు ఎక్కదు కూడా. పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, బూటులోకి జార్చి, కవరు లాగెయ్యాలి. ఇదంతా కథలో ఉంటే ఎంత బాగుండేది! అప్పు, కన్నీళ్ళు మాత్రమే ఉన్నయి.

ఇక ప్యాంటు. రచయిత "ఒంటికి అతుక్కున్న ఫార్మల్ ప్యాంటు" అని మురిసిపోయారు. కృత్రిమ కాలి పైన గిన్నెలా ఉండే సాకెట్‌లో కూర్చునే మిగిలిన కాలు పొద్దున ఉన్నంత లావుగా సాయంత్రం ఉండదు. నడిచీ నిలబడీ బరువు పడే కొద్దీ సన్నబడి, సాకెట్ వదులవుతుంది. అప్పుడు పైన ఇంకో సాక్సు వెయ్యాలి. వెయ్యకపోతే కాలు సాకెట్‌లో కిందికి జారి, ఎముక కొసకు ఒత్తిడి తగిలి, చర్మం ఎర్రబడి పుండవుతుంది. కాలు "టక్ టక్" మని మోగుతూంటే ఆ కుర్రాడి గుండె చప్పుడులా వినిపించిందని రచయిత రాశారు. అది గుండె కాదు, సాకెట్ వదులైందని చెప్పే చప్పుడు! కథలో ఒకచోట "చెక్క కాలు" అని కూడా ఉంది. జైపూర్‌లో రబ్బరు పాదం 1960లలోనే తయారైంది, మన కథల్లోకి ఇంకా రాలేదు.

ఆ సాక్సు వెయ్యాలంటే ప్యాంటు మోకాలి పైకి రావాలి. బిగుతు ప్యాంటు రాదు, కాబట్టి మొత్తం విప్పాలి. కాలేజీ బాత్రూములో తడి నేల మీద, కూర్చోను చోటు లేకుండా, ఒంటికాలి మీద ప్యాంటు విప్పి చూడమనండి రచయితగారిని. నేను మా వాడి ప్యాంటుకి ఎడమ పక్క కుట్టులో అంచు నుంచి మోకాలికి జానెడు పైదాకా దాపుడు జిప్పు పెట్టాను. పైన గుడ్డ మడత వస్తుంది, ఎవరికీ కనబడదు. మోకాలి దగ్గర అంగుళంన్నర లూజు వదిలాను. జిప్పు పిడి మాత్రం కింద కాదు, పైన ఆగేట్టు తిప్పి పెట్టాలి, లేకపోతే వంగినప్పుడల్లా వేళ్ళు వెతుక్కోవాలి. మొదటిసారి నేను తప్పే పెట్టాను, విప్పి మళ్ళీ కుట్టాను.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను. పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు, మా వాడి పేరు నాలుగు దాటాక పిలిచారు. ఇంటర్వ్యూ మూడో అంతస్తు. లిఫ్టుకి "మరమ్మతులో ఉంది" అని కాగితం, ఆ కాగితం కూడా పసుపుపచ్చగా అయిపోయింది. ఏ కాలేజీ అని అడక్కండి, ఇక్కడ చాలా వాటిలో ఇదే కథ. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. నియమాలు వచ్చిన ఐదేళ్ళలో ఉన్న భవనాలను మార్చాలని అందులో ఉంది, ఆ నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. ఆ గడువు 2022 జూన్‌తోనే అయిపోయింది. అడిగితే ఆఫీసులో ఒకాయన "ర్యాంపు ఉంది కదా" అన్నాడు. ఉంది నిజమే, దాని మీద ప్రిన్సిపాల్ కారు పెట్టి ఉంది. సర్టిఫికెట్ల కోసం తిరిగిన సంగతి మొదలుపెడితే ఈ ఉత్తరం మీరు వెయ్యలేరు. తెగిన కాలుకి తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ చూపించుకొమ్మన్న ఆఫీసు ఒకటుంది. మొలుస్తుందేమోనని కాబోలు.

మధ్యలో రెండు గంటలకి మా వాడు జిప్పు దించి, సాక్సు వేసుకుని, రెండు నిమిషాల్లో వచ్చి కూర్చున్నాడట. కథలోలాగా "నా లోపమే నా బలం" అని ఉపన్యాసం ఇవ్వలేదు, ఎదురుగా ఉన్నాయన కన్నీళ్ళు పెట్టుకోలేదు. కాలు గురించి ఎవరూ అడగలేదు కూడా. ఫారంలో వికలాంగుడా అన్న గడిలో అవునని రాశాడు. ప్రైవేటు కంపెనీలో దానికి రిజర్వేషనేమీ లేదు, ప్రభుత్వ కొలువుల్లోనే నాలుగు శాతం. ఇంటర్వ్యూలో డేటాబేస్ గురించి అడిగారు, రెండు ప్రోగ్రాములు రాయమన్నారు. రెండోది పూర్తికాలేదు. ఆ ఉద్యోగం రాలేదు, మూడో ఇంటర్వ్యూలో వచ్చింది. మొదటిది పోయింది కాలు వల్ల కాదు, లూప్ ఎక్కడ ఆపాలో తేలక.

కథ వేసే ముందు మీ దగ్గర ఒకరైనా చదివి, ఇట్లా జరుగుతుందా అని అడిగి ఉండొచ్చు. రచయితకి తీరిక ఉంటే మా షాపుకి రమ్మనండి. ఆ ప్యాంటు ఇంకా హ్యాంగరుకే ఉంది. జిప్పు ఎటు తిప్పి పెట్టానో చూపిస్తాను, కానీ పొద్దున పదకొండు లోపే, తర్వాత గిరాకీ ఎక్కువ.

ఇట్లు,
ఒక దర్జీ, హనుమకొండ
(పేరు వెయ్యొద్దు, మా వాడికి ఇష్టం ఉండదు)