మా కొట్టులో అరటిపండ్లు ఎందుకు తగ్గాయో, ఇకపై ఎలా ఉంటాయో

"అన్నా, మా బాపుకు మోషన్ మరీ గట్టిగా అవుతోందని మీ దగ్గర రోజూ అరటిపండ్లు తీసుకుపోతున్నం. తగ్గకపోగా ఇంకా గట్టిపడింది. పండ్లల్ల ఏమన్నా తేడా ఉందా? జామ, ఆపిల్ పెట్టాల్నా?"

తేడా ఉందమ్మా. ఈ మాట మీ ఒక్కరికి ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, మన గ్రూపులో ఉన్న పాత గిరాకీలందరికీ రాస్తున్నా.

మాకు అరటి సరఫరా చేసే వ్యాపారి ఈ మధ్య పంపిన లోడ్లలో పైతొక్క నిండు పసుపు, లోపల గుజ్జు మాత్రం గట్టిగా, వగరుగా ఉంది. ఎథిలీన్ గ్యాస్‌తో మాగబెట్టడం తప్పేమీ కాదు, 100 పీపీఎం దాకా చట్టమే ఒప్పుకుంటుంది. నిషేధం ఉన్నది కార్బైడ్ మీద. ఆయన కార్బైడ్ వాడాడని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. నేను కళ్లతో చూసింది వేరే: గెలలు లేతగా ఉండగానే కోయించాడు. ముదిరిన అరటికాయ గుండ్రంగా నిండుతుంది, లేతదానికి పక్కల కోణాలు తేలి కనిపిస్తాయి. అలాంటి లేత కాయను గదిలో పెట్టి, రంగు తిరగ్గానే బయటికి తీసి లారీ ఎక్కిస్తే తొక్క పండుతుంది, లోపలి పిండి పిండిలాగే ఉండిపోతుంది. ఫోన్ చేసి అడిగితే "పసుపు ఉంటే చాలు, గిరాకీ రంగే చూస్తది" అన్నాడు. మా నాన్న హన్మకొండ చౌరస్తాలో బండి మీద పండ్లు అమ్మిన రోజుల నుంచి మా దగ్గరికి వస్తున్నవాళ్ల గురించి ఆ మాట అనడం నాకు చాలా కష్టంగా అనిపించింది, ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు.

అనుమానం ఉన్నవాళ్లు మీరే చూసుకోవచ్చు. పండును అడ్డంగా కోసి, కోసిన చోట మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేయండి. ముదురు నీలంగానో నల్లగానో మారితే అక్కడ పిండి ఇంకా ఉందని అర్థం. బాగా మాగిన పండు మీద ఆ రంగు దాదాపు రాదు. పరీక్షకు వాడిన ముక్క తినకండి. నేను ఆ లోడులో పండ్లు కోసి ఇలాగే చూశాను, నల్లగా వచ్చింది, ఆ పెట్టెలన్నీ వాపసు పంపాను.

ఇక మీ బాపు సంగతి. పచ్చి అరటిలో ఎక్కువ భాగం పిండే, అందులోనూ చాలావరకు చిన్నపేగులో అరగని రకం. అది పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారు చేస్తాయి, వాటివల్ల పేగు ఉప్పునూ నీటినీ ఎక్కువగా పీల్చుకుంటుంది. నీళ్ల విరేచనాలు ఆగని పిల్లలకు ఉడికించిన అరటికాయ పెట్టేది అందుకే. అదే గుణం ముందే గట్టిపడ్డవాళ్లకు పనికిరాదు, కొందరికి ఇంకా బిగుస్తుంది. కాయ మాగేకొద్దీ ఆ పిండి చక్కెరగా మారిపోతుంది, వగరు పోతుంది. కాబట్టి మోషన్ ఫ్రీగా కావాలని అరటి తినేవాళ్లు గోధుమరంగు చుక్కలు పడి, నొక్కితే మెత్తగా దిగే పండే తినాలి. అయినా నేను అమ్మే సరుకు అని ఎక్కువ చేసి చెప్పను, బాగా పండిన అరటిలోనూ 100 గ్రాములకు పీచు రెండున్నర గ్రాముల చుట్టే, దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

ఇంకో మాట. పచ్చిగా ఉన్న డజనును ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది, లోపల మాగడం ఆగిపోతుంది. నల్లబడింది కదా పండిందనుకుని పెద్దవాళ్లకు పెడుతున్నారు. బయటే ఉంచండి, తొందరైతే ఒక పండిన పండుతో కలిపి కాగితం సంచిలో చుట్టి పెట్టండి.

మీరు ఫోన్‌లో చెప్పినదాన్ని బట్టి బాపుకు పొద్దున రెండు అరటిపండ్లు, మధ్యాహ్నం అరటికాయ కూర, సాయంత్రం తొక్క తీసి ఉడికించిన ఆపిల్, రోజు మొత్తానికి నీళ్లు నాలుగు గ్లాసులు కూడా లేవు. ఇందులో పండ్లు ఉన్నాయి గానీ, ఉన్న తీరు మాత్రం విరేచనాలు పట్టుకున్న మనిషికి పెట్టేలా ఉంది. ఆపిల్‌కు తొక్క తీస్తే పీచు దాదాపు సగానికి పడిపోతుంది. మైనం ఉంటుందని భయమైతే గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడిగి, బట్టతో తుడిచి, తొక్కతోనే సన్నగా కోసి ఇవ్వండి. నమలలేకపోతే తొక్కతోనే తురమండి.

ఈ మూడింటిలో పీచు ఎక్కువ ఉన్నది జామలోనే, 100 గ్రాములకు 5 గ్రాములకు పైనే. గింజలు అరగవు, వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతాయి, అందులో భయపడేదేమీ లేదు. భయం ఎక్కడంటే నీళ్లు తాగని పెద్దవాళ్లు ఒకేసారి మూడు నాలుగు జామకాయలు తింటే ఆ గింజలన్నీ కింద ఒకచోట గట్టిగా గడ్డకట్టుకుని అడ్డంపడే అవకాశం ఉంది. అందుకని మొదటి వారం రోజుకు సగం పండు, పచ్చికాయ కాదు, లేత పసుపు తిరిగి వాసన వచ్చే మెత్తటిది, దానితోపాటు ఒక పెద్ద గ్లాసు నీళ్లు. కడుపు ఉబ్బరం లేకపోతే తర్వాత ఒక పండు దాకా పోవచ్చు. పళ్లు లేకపోతే, లేదా ఇప్పటికే చాలా రోజులుగా మోషన్ రాక కింద గట్టిగా బిగుసుకుని ఉంటే, గింజల జామ ఇప్పుడే వద్దు, పండిన బొప్పాయితో మొదలుపెట్టండి. అరటికాయ కూర కొన్నాళ్లు ఆపండి, మిగతావాళ్లు నిశ్చింతగా తినొచ్చు.

ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటుంటే వాటివల్ల కూడా గట్టిపడుతుంది, డాక్టరును అడగండి, మీరే ఆపొద్దు. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉండి నీళ్లు, పండ్లు తగ్గించమన్నవాళ్లు నా మాట మీద పెంచకండి. షుగర్ ఉంటే బాగా పండిన అరటి గురించి ముందు కనుక్కోండి. మోషన్‌లో రక్తం, బరువు తగ్గడం, వాంతులతో కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోకపోవడం, వీటిలో ఏది కనిపించినా పండ్ల కొట్టుకు కాదు, ఆసుపత్రికి వెళ్లాలి.

సరుకు గురించి తేల్చుకోవడానికి నాకు నిద్ర పట్టలేదు. పెళ్లిళ్ల సీజన్, పసుపు రంగు అరటికి గిరాకీ ఎక్కువ, ఆ వ్యాపారిని వదిలేస్తే ఎదురుగా బండివాళ్లు అమ్ముకుంటారని ఇంట్లోవాళ్లు అన్నారు. అమ్ముకోనీ. ముదిరిన గెలలు వేరే చోట నుంచి తెప్పించి మేమే వెనక గదిలో మాగబెడుతున్నాం, ఆరుతాయి, కొన్ని పాడవుతాయి, అందుకే డజనుకు పది రూపాయలు పెరిగింది. ఈ రేటు తగ్గించను, బేరం ఆడకండి.

ఇకపై అరటికాయలు వేరే పెట్టెలో ఉంటాయి, పండ్లు వేరే. పెద్దవాళ్ల కోసమని చెబితే చుక్కలు పడ్డవి తీసిస్తాం, రేపటికి కావాలంటే ఈ రోజే మెసేజ్ పెట్టండి. పాత లోడులోవి మీ ఇంట్లో ఇంకా గట్టిగా మిగిలి ఉంటే తీసుకురండి, డబ్బులు వాపసు ఇస్తాం.