బడి మూసిన రోజు చదువు సంగతి ఆ లేఖలో లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వారం మీ పత్రికలో ఎండలు, వానల రోజుల్లో సెలవుల గురించి ఒక బడి తల్లిదండ్రులకు రాసిన లేఖను పూర్తిగా వేసి, మిగతా బడులు దీన్ని చూసి నేర్చుకోవాలని రాశారు. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నేను 31 ఏళ్లు ప్రాథమిక తరగతులకు లెక్కలు చెప్పి రిటైరైన టీచరును. ఆ లేఖలాంటిదే, దాదాపు అవే మాటలతో, అయిదో తరగతి చదివే మా మనవడి బడి నుంచి కూడా వచ్చింది. అది ఆచరణలో ఎలా నడిచిందో ఇంట్లో ఉండి కళ్లారా చూశాను.

లేఖలో ముఖ్యమైనవి మూడు వాక్యాలు. "వాతావరణ పరిస్థితులను బట్టి సెలవు నిర్ణయం ఎప్పటికప్పుడు తెలియజేస్తాం. పిల్లలను పంపాలా వద్దా అన్నది తల్లిదండ్రుల విచక్షణకే వదిలేస్తున్నాం. సెలవు రోజుల్లో ఆన్‌లైన్ ద్వారా బోధన యథాతథంగా కొనసాగుతుంది." చదవడానికి బాగానే ఉంటాయి. కానీ అందులో ఒక్క టైమూ లేదు, ఒక్క అంకే లేదు, నిర్ణయం ఎవరిదో లేదు.

మొన్నటి వానల్లో ఏం జరిగిందంటే, బస్సు ఉదయం 7:15కి వచ్చి పిల్లవాణ్ణి ఎక్కించుకుపోయింది. సెలవని మెసేజ్ 7:50కి వచ్చింది. అప్పటికి బస్సు సగం దారిలో ఉంది, మా అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు బయల్దేరారు. బస్సు వెనక్కి తిరిగి, నీళ్లు నిలిచిన అదే దారిలో పిల్లల్ని మళ్లీ ఒక్కొక్కరినీ దింపుకుంటూ వచ్చేసరికి 9:30 అయింది. వాన రాత్రి నుంచే పడుతోంది. హెచ్చరిక ముందు రోజు సాయంత్రమే వచ్చింది. రాత్రి 8 గంటలకు తీసుకోగలిగిన నిర్ణయం ఉదయం బస్సులు కదిలాక ఎందుకు తీసుకున్నారు?

లేఖలో ఉండాల్సిన మొదటి మాట ఇదే. ముందు రోజు రాత్రి ఫలానా టైముకి చెబుతాం, అప్పుడు తేల్చలేకపోతే తెల్లవారి 5:30కి చెబుతాం, ఆ తర్వాత మార్చం. చెప్పేది ఫలానా ఒక్కరే, ఫలానా ఒక్క నంబరు నుంచే. మిగతా గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లను నమ్మొద్దు. ఇంత రాయడానికి నాలుగు వరుసలు చాలు.

రెండో మాట, బడిలో ఉండగా మధ్యాహ్నం వాన ముంచుకొస్తే ఏం చేస్తారన్నది. "వెంటనే వచ్చి పిల్లలను తీసుకెళ్లండి" అని మా లేఖలో ఉంది. అంటే నాలుగైదు వందల మంది తల్లిదండ్రులు ఒకేసారి నీళ్లు పారే రోడ్డెక్కాలన్న మాట. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్దవాళ్లే కాళ్లు తప్పి పడిపోవచ్చు. 30 సెంటీమీటర్లకు చిన్న కార్లు తేలిపోతాయి, 60 సెంటీమీటర్లకు చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. పిల్లలు పక్కా కట్టడంలో, పై అంతస్తులో ఉంటే వాళ్లను అక్కడే ఉంచడం మేలు. నీళ్లు తీసేదాకా ఉంచుతాం, లిస్టులో పేరున్న మనిషికే అప్పగిస్తాం అని రాస్తే తల్లిదండ్రులకు సగం టెన్షన్ తగ్గుతుంది. బడి ఆవరణలో నీళ్లున్నాయా అని చూడడం కాదు, బస్సు పోయే దారిలో ఉన్నాయా అని చూడాలి.

ఎండ సంగతి వేరు. ఎంత డిగ్రీలు దాటితే సెలవో లేఖలో ఎక్కడా లేదు. ఒకవేళ ఉన్నా, వాతావరణ శాఖ చెప్పే డిగ్రీలు నీడలో, గాలి ఆడే తెల్లటి పెట్టెలో పెట్టిన థర్మామీటరువి. రేకుల కప్పు కింద 40 మంది కూర్చున్న గది సంగతి ఆ థర్మామీటరు చెప్పదు. పైగా 35 డిగ్రీలకే గాలిలో తేమ 70 శాతం ఉంటే, చెమట ఆరక ఒంటికి దాదాపు 50 డిగ్రీల వేడిలా అనిపిస్తుంది. ఒక్క థర్మామీటరు తరగతి గోడకు, పిల్లవాడు కూర్చున్నప్పుడు తల ఉండే ఎత్తులో తగిలించి, 11 గంటలకూ 2 గంటలకూ ఎంతుందో రాసుకుంటే ఏ గదిని ఖాళీ చేయాలో వారంలో తెలిసిపోతుంది. సాధారణంగా అది పై అంతస్తు గదే అవుతుంది. స్లాబు పొద్దుటి నుంచీ వేడిని పీల్చుకుని మధ్యాహ్నానికి లోపలికి వదులుతుంది. ఒంటిపూట పేరుతో 12:30కి వదిలేస్తే పిల్లలు ఎండ నడినెత్తిన ఉండగా నడిచి ఇంటికి పోతారు. పెందలాడే మొదలుపెట్టి 11 లోపు ఇళ్లకు చేర్చాలి, లేదా ఎండ వాలేదాకా చల్లని గదిలో ఉంచాలి.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టింది మూడో వాక్యం, బోధన యథాతథంగా కొనసాగుతుందన్నది.

ఆ వాన రోజు 10 గంటలకు ఆన్‌లైన్ క్లాసు పెట్టారు. మా ఇంట్లో కరెంటు పోయి అప్పటికే గంటన్నర అయింది. నా ఫోనులో చార్జింగు సగం కూడా లేదు. తరగతిలో 34 మంది ఉంటే స్క్రీన్ మీద కనిపించింది 13 మంది. మిగతా ఇళ్లలో ఫోను నాన్నతో పాటు పనికి పోయి ఉంటుంది, లేదా ఉన్న ఒక్క ఫోనూ అక్క క్లాసుకు పోయి ఉంటుంది. అలాంటి రోజున టీచరు హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడిక కొత్తగా మొదలుపెట్టారు. మా వాడికి గొంతు ఆగి ఆగి వినిపించింది. 20 నిమిషాలకు సిగ్నలే పోయింది. మర్నాడూ అంతే. మూడో రోజు బడి తెరిచారు, ఆ పాఠం అయిపోయిందని రిజిస్టరులో రాసి తీసివేతలోకి వెళ్లిపోయారు.

వారం తర్వాత మా వాడి నోట్సు తీసి చూస్తే 1/2 + 1/3 = 2/5 అని వేసి ఉంది. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాడు. ఈ పాఠం సగం విన్న పిల్లలు సరిగ్గా ఈ తప్పే చేస్తారు, నా సర్వీసంతా చూశాను. అరలో మరికొంత కలిపితే 2/5 వచ్చిందట, అది అర కంటే తక్కువని వాడికి తట్టలేదు. టీచరు బడి తెరిచిన రోజు మొదటి పీరియడ్‌లో ఈ ఒక్క లెక్క బోర్డు మీద రాసి ఉంటే, పదే పది నిమిషాల్లో ఎంతమందికి రాలేదో తెలిసిపోయేది. ఆ టీచరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని పైవాళ్లు అడుగుతారు గానీ, పిల్లలకు వచ్చిందా అని అడగరు. ఎక్కడ చూసినా ఇదే తీరు.

బడి అకస్మాత్తుగా మూసిన రోజున కొత్త పాఠం చెప్పకూడదు. అప్పటికే చెప్పిన దాన్ని గట్టిపరచాలి. దానికి ఫోను అక్కర్లేదు. వానలు మొదలయ్యే ముందే, ఎండలు ముదిరే ముందే, మూడు రోజులకు సరిపడా కాగితాల కట్ట ఒకటి పిల్లల చేతికివ్వాలి. రోజుకు ఒక గంట పని చాలు, చిన్న తరగతులకు అరగంట. వచ్చిన లెక్కలు పది, చదవడానికి ఒక పేజీ, రాయడానికి ఒక పేరా, చేత్తో చేసే పని ఒకటి. నిటారు గోడలున్న గ్లాసు ఒకటి రాత్రి డాబా మీద పెట్టి, వాన వెలిశాక స్కేలుతో కొలవమనండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. మరి మన డాబా మీద ఎన్ని లీటర్లు పడ్డాయి? అయిదో తరగతి పిల్లవాడికి వైశాల్యం, గుణకారం రెండూ ఇందులోనే వస్తాయి. ఎండల్లోనైతే నీడలో థర్మామీటరు చూసి గంటకోసారి రాసి, గ్రాఫు గీయమనవచ్చు. ఎండ రోజున కరెంటు ఉన్న ఇళ్లకు ఆన్‌లైన్ కూడా పనికొస్తుంది, కానీ అందులోనూ సందేహాలు తీర్చాలే గానీ హాజరు వేయకూడదు.

ఇక "తల్లిదండ్రుల విచక్షణ" అన్న మాటకు వస్తాను. జాషువా గుడ్‌మన్ అనే ఆర్థికవేత్త అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మంచు వల్ల బడులు మూసిన రోజులను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. బడి మొత్తం మూసిన రోజుల వల్ల పిల్లల మార్కులు తగ్గినట్టు కనిపించలేదు. బడి తెరిచి ఉండగా కొందరు రాలేకపోయిన రోజుల వల్లే తగ్గాయి. ఎందుకో మాలాంటి టీచర్లకు వెంటనే అర్థమవుతుంది. అందరికీ సెలవైతే మర్నాడు అందరికీ ఆగిన చోటి నుంచే చెబుతాం. సగం మంది వస్తే, వచ్చిన వాళ్లకు చెప్పి ముందుకు పోతాం. రాని వాళ్లు వెనకబడతారు. సెలవులు వారాల తరబడి సాగితే ఈ మాట వర్తించదు, ఒకటి రెండు రోజులకు మాత్రం వర్తిస్తుంది. కాబట్టి మూస్తే అందరికీ మూయండి, తెరిస్తే అందరూ రాగలిగేలా తెరవండి. మీ ఇష్టం అనడంలో బాధ్యత దులుపుకోవడమే ఉంది.

ఇదేదో ఎప్పుడో ఒకసారి వచ్చే ఇబ్బంది కూడా కాదు. 2024లో వాతావరణ విపత్తుల వల్ల 85 దేశాల్లో కనీసం 24 కోట్ల 20 లక్షల మంది విద్యార్థుల చదువుకు అంతరాయం కలిగిందని యునిసెఫ్ లెక్కగట్టింది. అందులో వడగాలుల వాటాయే ఎక్కువ. ఇంత జరుగుతుంటే అధికారులు ఇప్పటికీ అర్ధరాత్రి ఫోనులో ఒక ఉత్తర్వు పంపి ఊరుకుంటున్నారు. బడులు ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నాయి. ఒకప్పుడు హెడ్మాస్టరు లేఖ రాస్తే తన బడి, తన పిల్లలు, తన దారులు అందులో కనిపించేవి. ఇప్పుడు ఒక బడి లేఖ పేరు మార్చి ఇంకో బడి పంపుతోంది. దాన్ని మీరు ఆదర్శమని అచ్చు వేశారు. ఆ బడి పిల్లల ఇళ్లకు మీ విలేకరి ఒక వాన రోజున వెళ్లి చూసి ఉంటే మీరు అలా రాసేవారు కాదు.

మా వాడికి భిన్నాలు నేనే చెప్పాను. ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు ఇచ్చి, ఒకదాన్ని సగానికి, ఒకదాన్ని మూడుకు మడవమన్నాను. తర్వాత రెండింటినీ ఆరు భాగాలు చేయించాను. మూడు ముక్కలూ రెండు ముక్కలూ కలిపితే అయిదు, అంటే 5/6 అని వాడే చెప్పాడు. అరగంట పట్టింది. ఆ రోజు స్క్రీన్ మీద కనిపించని 21 మందికి ఆ అరగంట ఇంకా ఎవరూ ఇవ్వలేదు, యూనిట్ పరీక్ష వచ్చే సోమవారమే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు