మా మూడు పాత మిషన్ల సంగతి

"అక్కా, మీ షాపులో మిషన్లన్నీ సెకండ్ హ్యాండ్‌వి అంట కదా, మా పట్టు జాకెట్లు వాటి మీదే కుడతారా? ఇంత కుట్టుకూలి తీసుకుంటూ కొత్తవి కొనొచ్చు కదా?"

అన్నీ కాదండీ, మూడు. పోయిన వేసవిలో యూనిఫామ్ ఆర్డర్ల ముందు కొన్నాం. బట్ట అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మాత్రం కొత్తదే తెచ్చాం, ఎందుకో తర్వాత చెబుతా. ఆ మూడింటిలో రెండు ఈ రోజుకీ బంగారంలా నడుస్తున్నాయి. మూడోది మమ్మల్ని ఏడిపించింది, ఒక అమ్మగారి పట్టు జాకెట్ మీద నూనె మరక కూడా వేసింది. అది నలుగురికీ తెలిసిపోయింది కాబట్టి దాచడం ఎందుకు, లెక్కలతో సహా చెప్పేస్తాను.

కుట్టు పవర్ మిషన్ కొత్తది, మోటార్ లోపలే ఉండే రకం, మాకు వచ్చిన కొటేషన్ 26,000. పెద్ద గార్మెంట్ యూనిట్లు మిషన్లు మార్చేటప్పుడు పాతవాటిని లాట్ల లెక్కన అమ్మేస్తాయి, డీలర్లు తెచ్చి, తుడిచి, రంగేసి మళ్లీ అమ్ముతారు. అలాంటివి ఒక్కోటి 11,500కి దొరికాయి. రవాణా ఒక్కోదానికి 800. వాటికి బల్ల కింద ఉండేది పాత క్లచ్ మోటార్. అది మనం కుట్టినా కుట్టకపోయినా స్విచ్ వేసినంతసేపూ గుయ్యిమని తిరుగుతూనే ఉంటుంది, కరెంటు తాగుతూనే ఉంటుంది. అందుకని మూడింటికీ కొత్త సర్వో మోటార్లు పెట్టించాం, ఒక్కోటి 5,000. పెడల్ నొక్కితేనే తిరుగుతుంది. (షాపులో గోల తగ్గిందేంటి అని చాలామంది అడిగారు, కారణం ఇదే.) మొత్తం మీద మిషన్‌కి 17,300 పడింది. కొత్తదానితో పోలిస్తే 8,700 మిగులు.

మరి పాతదే కొనాలనుకుంటే, మోటార్ లోపలే ఉన్న పాత మిషన్ ఎందుకు కొనలేదు, అవీ దొరుకుతాయిగా అని మా ఆయన అడిగారు. దొరుకుతాయి. కానీ వాటిలో కంట్రోల్ బోర్డు ఉంటుంది. పాత బోర్డు ఎన్నిసార్లు రిపేరైందో, ఎన్ని వోల్టేజీ దెబ్బలు తిన్నదో పైకి చూస్తే తెలియదు. ఇవాళ నడిచి రేపు ఆగిపోతుంది, కొత్త బోర్డు వేస్తే మిగిలిందంతా అక్కడే పోతుంది. బల్ల మీద కూర్చునే, సూదీ చక్రం ఉండే ఇనుప తల అలా కాదు. అరిగితే చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఓవర్‌లాక్ కొత్తది కొనడానికి కారణం వేరు. అందులో లూపర్లు, కత్తులు, రెండు సూదులు అన్నీ ఒకదానికొకటి వెంట్రుకవాసి లెక్కలో కుదరాలి, ఒక్కటి అరిగినా మిగతావి మాట వినవు. పైగా షాపులో అది ఒక్కటే, అది ఆగితే అందరి పనీ ఆగుతుంది.

పాత తల కొనేటప్పుడు చూడాల్సినవి నాకు మా మెకానిక్ నేర్పాడు. రంగు వైపు చూడొద్దన్నాడు. ముందు కరెంటు లేకుండా చక్రం చేత్తో తిప్పాలి, ఎక్కడా పట్టేయకూడదు. సూది కడ్డీని వేళ్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపితే కటకటలాడకూడదు. తర్వాత బాబిన్ కేస్ తీసి, లోపల తిరిగే హుక్ మొనను చూడాలి. మొన మొద్దుబారినా, గీతలు పడినా దారం తెగుతూనే ఉంటుంది. చివరగా మిషన్ నడిపితే పైనున్న చిన్న గాజు కిటికీలో నూనె చిమ్మడం కనిపించాలి. ఇవన్నీ మూడింటికీ చూశాను, అన్నీ పాసయ్యాయి. మరి మూడోది ఎక్కడ తప్పింది?

తప్పు నాదే. దాని మీద డీలర్ దగ్గరున్న జీన్స్ ముక్క కుట్టి చూశాను, కుట్టు ముత్యాల్లా వచ్చింది. నా దగ్గరకొచ్చేది జీన్సా? ఇంటికి తెచ్చి పలచటి జార్జెట్ పెట్టగానే బట్ట సూదితోపాటు కిందికి దిగిపోయి ముడతలు పడింది. మెకానిక్ వచ్చి ప్లేటు విప్పి చూపించాడు. అది మందం బట్టలకు తయారైన మోడల్. ప్లేటులో సూది దిగే రంధ్రం పెద్దది, కింద బట్టను లాగే పళ్లు ముతక. మనం జాకెట్లకు వాడే 11 నంబరు సూది సన్నది కదా, దాని లావుకి హుక్ దూరంగా ఉండిపోయి మధ్యమధ్యలో కుట్టు కూడా వదిలేస్తోంది. పైకి చూస్తే మిగతా రెండింటికీ దీనికీ తేడా ఏమీ లేదు.

ప్లేటు, పళ్లు, పాదం సన్న బట్ట రకంవి వేయించి, హుక్ దగ్గరకు జరిపి టైమింగ్ కట్టించాం. సామాను దొరికి పని పూర్తయ్యేసరికి 9 రోజులు, 3,800 రూపాయలు. ఆ మిషన్ మీద రోజుకి 6 జాకెట్లు కుడతారు, కూలీ పోను నాకు జాకెట్‌కి 90 మిగులుతుంది. 54 జాకెట్లు కుట్టలేదు, అంటే 4,860 పోయింది. 17,300కి ఇవన్నీ కలిపితే 25,960. కొత్తదానికి సరిగ్గా నలభై రూపాయలు తక్కువ! శ్రావణమాసం ముందు మీలో కొందరికి డెలివరీ ఆలస్యమైందంటే ఆ తొమ్మిది రోజులే కారణం. అప్పుడు "మాస్టారికి జ్వరం" అని చెప్పాం, అది అబద్ధం, క్షమించండి.

ఆ తర్వాత నూనె మరక. సూది కడ్డీ దగ్గర మిగులు నూనెను వెనక్కి పీల్చుకునే చిన్న ఒత్తు లాంటిది ఉంటుంది. దానికి దారపు పీచు పట్టేసింది, రాత్రంతా కడ్డీ వెంట చుక్కలు దిగాయి, పొద్దున మొదట పెట్టింది ఆ జాకెట్. బట్ట ఖరీదు 1,400 ఇచ్చి, కొత్త జాకెట్ ఊరికే కుట్టిచ్చాం. అంటే ఆ మిషన్ చివరికి నాకు కొత్తదానికంటే ఎక్కువే పడింది. కొనేముందు మిషన్ నడిపి ఆపి, సూది కింద తెల్ల గుడ్డ పెట్టి ఒక రాత్రి వదిలేసి ఉంటే ఇది బయటపడేది. డీలర్ అంత టైమ్ ఇవ్వనంటే అది ఇంకో సంకేతం.

మూడింటి లెక్క కలిపితే కొత్తవి కొన్నదానికంటే దాదాపు 16,000 మిగిలింది. ఒక్కటి తేలినా ఒక్కటి మునిగినా తట్టుకోగలిగాను కాబట్టే ఈ మాట అంటున్నా. ఒకే ఒక్క మిషన్‌తో ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగితే కొత్తదే కొనమంటాను. వాళ్లకు ఆ తొమ్మిది రోజులు అంటే మొత్తం పని ఆగినట్టే. ఇంకో సంగతి, బ్యాంకులో ముద్ర లోన్‌కి వెళ్తే సరైన కొటేషన్, బిల్లు అడుగుతారు. మా డీలర్ ఇచ్చింది తెల్ల కాగితం మీద రాసిన చీటీ. ఆ డబ్బంతా చేతిలోంచే పెట్టాం.

ఇప్పుడు మూడో మిషన్ మీద యూనిఫామ్‌లు, ప్యాంట్ల రిపేర్లు, బ్యాగులు మాత్రమే కుడుతున్నాం. ముతక పళ్లు, పాత ప్లేటు మళ్లీ వేసేశాం, దాని పని అదే. పట్టు, జార్జెట్, షిఫాన్ అన్నీ మొదటి రెండింటి మీదే. రోజూ పొద్దున్నే తెల్ల గుడ్డ మీద ఒక బారు కుట్టి చూశాకే మీ బట్ట పెడుతున్నాం. ఆ గుడ్డ కౌంటర్ పక్కనే వేలాడుతూ ఉంటుంది, వచ్చినప్పుడు చూడండి. ఈ కారణం వల్ల కుట్టుకూలి పెంచడం లేదు. కాకపోతే సంక్రాంతి జాకెట్లు డిసెంబర్ 20 లోపు ఇచ్చేయండి, తర్వాత వచ్చినవి పండగలోపు ఇస్తామని ఈసారి మాట ఇవ్వలేం.