శనివారం మీటింగ్‌కి ఫేస్‌టైమ్ లింక్: ఆండ్రాయిడ్, విండోస్ వాడే తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

క్వార్టర్లీ మార్కుల మీద జరిగే మీటింగ్‌కి స్కూలుకి రాలేనివాళ్లు ఈసారి వీడియోలో మాట్లాడవచ్చని డైరీలో రాయించాం. ఒరగడం, శ్రీపెరంబుదూరులో షిఫ్టులు చేసేవాళ్లు, శ్రీసిటీ వైపు పనిచేస్తూ వారానికోసారి చెన్నై వచ్చేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. క్లాసు టీచర్ల దగ్గర స్కూలు ఇచ్చిన ఐప్యాడ్‌లున్నాయి కాబట్టి కాల్ ఫేస్‌టైమ్‌లో ఉంటుంది. ఈ మాట తెలిసిన రోజు నుంచి ఆఫీసుకి ఒకటే ప్రశ్న: "మాది ఆండ్రాయిడ్ ఫోనండీ, మాకెలా?"

మీకూ కుదురుతుంది. 2021లో ఐఓఎస్ 15 వచ్చినప్పటి నుంచి, ఆపిల్ పరికరం ఉన్నవాళ్లు లింక్ తయారుచేసి పంపితే, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనో విండోస్ ల్యాప్‌టాప్‌లోనో బ్రౌజర్ ద్వారా ఆ కాల్‌లో చేరవచ్చు. యాప్ దించుకోనక్కర్లేదు, ఆపిల్ అకౌంట్ అక్కర్లేదు. అయితే మీ వైపు నుంచి కాల్ మొదలుపెట్టడం కుదరదు. లింక్ టీచరే పంపాలి. ప్లే స్టోర్‌లో ఫేస్‌టైమ్ పేరుతో కనబడే యాప్‌లు ఆపిల్‌వి కావు, వాటి జోలికి వెళ్లకండి.

వేసవిలో దీన్ని కొద్దిమందితో చేసి చూశాం. ఆరో తరగతి అమ్మాయి నాన్నగారు ఫ్యాక్టరీ క్యాంటీన్ దగ్గర నిలబడి వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కారు. ఈ బ్రౌజర్ పనికిరాదన్న అర్థంలో ఏదో వచ్చి పేజీ ఆగిపోయింది. నెట్ బాగానే ఉంది, లింక్ కూడా సరైనదే. చిక్కంతా లింక్ తెరుచుకున్న చోట వచ్చింది. ఫేస్‌టైమ్ వెబ్ పేజీకి గూగుల్ క్రోమ్ గానీ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ గానీ కావాలి, అదీ తాజా వెర్షన్. ఆయన ఫోన్‌లో లింకులన్నీ ఫోన్‌తో పాటే వచ్చిన వేరే బ్రౌజర్‌లో తెరుచుకుంటున్నాయి. మన ఇళ్లలో చాలా ఫోన్‌లు ఇలాగే ఉంటాయి, ఏ బ్రౌజర్‌లో చూస్తున్నామో ఎవరూ పట్టించుకోరు.

దీనికి చేయాల్సింది చిన్న పనే. వాట్సాప్‌లో ఆ మెసేజ్ మీద వేలు నొక్కి ఉంచి కాపీ చేయండి. క్రోమ్ తెరిచి, పైన అడ్రస్ ఉండే చోట పేస్ట్ చేయండి. లింక్ ఇలా మొదలవుతుంది:

```
https://facetime.apple.com/join#
```

దాని తర్వాత అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి తోక ఉంటుంది. ఏ కాల్‌లో చేరాలో చెప్పే వివరం ఉండేది ఆ తోకలోనే. సగం కాపీ చేసినా, చూసి టైప్ చేయబోయి ఒక్క అక్షరం తప్పినా కాల్ దొరకదు. కాపీ చేసేటప్పుడు టీచర్ రాసిన మాటలు కూడా కలిసివస్తే వాటిని తీసేసి లింక్ మాత్రం ఉంచండి.

పేజీ తెరుచుకోగానే పేరు అడుగుతుంది. ఇక్కడ "నాన్న", "రెడ్మీ" లాంటివి పెట్టకండి. పిల్లల పేరు, సెక్షన్, మీరు ఏమవుతారో రాయండి, "6బి లాస్య అమ్మ" అన్నట్టు. ఎందుకంటే టీచర్‌కి కనబడేది ఆ పేరొక్కటే. ఫోన్ నంబర్ కనబడదు, ఫొటో ఉండదు. ఎవరో తెలియని పేరు వస్తే లోపలికి రానివ్వవద్దని టీచర్లకు నేనే చెప్పాను.

పేరు రాసి `Continue` నొక్కితే కెమెరా, మైక్ వాడుకోవచ్చా అని క్రోమ్ అడుగుతుంది. రెండింటికీ ఒప్పుకోండి. తర్వాత `Join` నొక్కండి. అక్కడితో కాల్‌లో చేరినట్టు కాదు, తలుపు తట్టినట్టు. టీచర్ తన ఐప్యాడ్‌లో ఒప్పుకున్నాకే మీరు లోపలికి వస్తారు. ముందు వాళ్లతో మాట ముగియకపోతే ఐదారు నిమిషాలు పట్టవచ్చు. ఈలోగా లింక్ పాడైందేమోనని టెన్షన్ పడి పేజీ మూసేస్తే పేరు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. పేజీని అలాగే తెరిచి ఉంచండి, స్క్రీన్ ఆరిపోకుండా చూసుకోండి.

తొందరలో కెమెరా, మైక్ వద్దని నొక్కేస్తే క్రోమ్ ఆ మాట గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ అడగకపోవచ్చు. మీకు టీచర్ కనబడుతూ, మీరు వాళ్లకు కనబడక, వినబడక పోతుంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. అడ్రస్‌కి ఎడమ పక్కనున్న చిన్న గుర్తు నొక్కి, `Permissions`లో కెమెరా, మైక్ రెండూ ఆన్ చేసి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. అక్కడ ఆన్‌లోనే ఉన్నాయంటే ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాకి వెళ్లి, క్రోమ్‌కి ఆ రెండు అనుమతులూ ఉన్నాయో లేదో చూడండి. వీడియో పంపాలంటే ఫోన్‌కి హెచ్.264 అనే పద్ధతిలో వీడియోని కుదించే శక్తి ఉండాలి. అది లేని ఫోన్‌లో ఎన్ని అనుమతులిచ్చినా మీ బొమ్మ వెళ్లదు. అలాంటప్పుడు మాటతోనే కానిద్దాం, మార్కుల గురించి మాట్లాడటానికి ముఖం కనబడి తీరాలనేమీ లేదు.

విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎడ్జ్ ముందే ఉంటుంది కాబట్టి బ్రౌజర్ చిక్కు తక్కువ. అక్కడ తిప్పలన్నీ కెమెరాతోనే. ఆఫీసు మీటింగ్ యాప్ వెనక తెరిచే ఉండి కెమెరాని పట్టుకుని ఉంటే బ్రౌజర్‌కి అది దొరక్కపోవచ్చు, దాన్ని పూర్తిగా మూసేయండి. అప్పటికీ రాకపోతే విండోస్ 11లో `Settings`, అందులో `Privacy & security`, అందులో `Camera` తెరిచి `Let desktop apps access your camera` ఆన్‌లో ఉందో లేదో చూడండి. కెమెరా మీద జరిపే చిన్న మూత ఉండే ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి, దాన్నీ ఒకసారి చూడండి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ వాళ్లే తాళం వేసి పెట్టవచ్చు. దానితో కుస్తీ పట్టకుండా మీ ఫోన్ నుంచి రండి.

అమ్మ పెరంబూరులో ఇంటి నుంచి, నాన్న శ్రీసిటీ నుంచి ఒకే లింక్‌తో చేరవచ్చు, అందుకు అడ్డేమీ లేదు. ఒకే గదిలో రెండు ఫోన్‌లు పెడితే మాత్రం మాట గింగిరాలు తిరుగుతుంది, ఒకదాంట్లో మైక్‌తో పాటు సౌండ్ కూడా ఆపేయండి. బ్రౌజర్ నుంచి చేరినవాళ్లకి స్క్రీన్ షేర్ చేసే వీలు లేదు. నోట్‌బుక్‌లో టీచర్‌కి ఏమైనా చూపించాలంటే ఆ పేజీని ఫొటో తీసి ముందురోజే డైరీ గ్రూపులో కాకుండా టీచర్‌కి విడిగా పంపండి.

ఇంటింటికీ వేరే లింక్ వస్తుంది. తాతగారికో మేనమామకో పంపాలనిపిస్తే ముందు టీచర్‌కి చెప్పండి, క్లాసు గ్రూపులో మాత్రం పెట్టకండి. టీచర్ డిలీట్ చేసేదాకా లింక్ బతికే ఉంటుంది కాబట్టి, ఆ సాయంత్రమే అన్నీ తీసేయమని చెప్పాం. ఆదివారం నొక్కితే పనిచేయదు.

శుక్రవారం సాయంత్రం 5 నుంచి 6 దాకా కంప్యూటర్ టీచర్ ఒక ట్రయల్ లింక్ తెరిచి ఉంచుతారు. శనివారం వాడబోయే ఫోన్‌తోనే, వాడబోయే చోటు నుంచే అందులో చేరి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఆఫీసులో చెప్పండి, మీ టైముకి టీచర్ మామూలు ఫోన్ చేస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని