రెండు బోర్ల సగటు తీసి పునాది ఎలా చెప్పారు? మట్టి పరీక్ష రిపోర్టుపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

అమలాపురం దగ్గర మా స్థలంలో మీవాళ్లు చేసిన మట్టి పరీక్ష రిపోర్టు అందింది. చివరి పేజీలో "1.5 మీటర్ల లోతున ఎస్‌బీసీ చదరపు మీటరుకు 10 టన్నులు, విడి ఫుటింగులు లేదా స్ట్రిప్ ఫుటింగులు వేసుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టేశారు. ఎస్‌బీసీ అంటే మట్టి భద్రంగా మోయగల బరువు. ఆ వాక్యానికీ, ఏ లోతులో ఏ మట్టి తగిలిందో రాసి మీరే జతచేసిన బోర్ లాగులకీ పొంతన లేదు.

మా స్థలంలో ఈశాన్యం వైపు సగం ఒకప్పుడు చేపల చెరువు, తర్వాత పూడ్చి మెరక చేశారు. ఈ సంగతి బోర్ వేసేటప్పుడే మీ కుర్రాళ్లకు చెప్పాను, చెరువు గట్టు ఎక్కడిదాకా ఉండేదో నడిచి చూపించాను కూడా. అందుకే ఒకటో బోర్ అక్కడ వేశారు. 1.5 మీటర్ల దగ్గర ఎన్ విలువ 3, అంటే గొట్టం చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి సుత్తి మూడు దెబ్బలే సరిపోయాయి. బయటికి తీసిన నల్ల జిగటమట్టిలో బొటనవేలు నొక్కితే ఇట్టే దిగిపోయింది. ఆ మట్టి 5 మీటర్ల దాకా అలాగే ఉందని మీ బోర్ లాగ్‌లోనే ఉంది. రెండో బోర్ నైరుతిలో, పాత గట్టుకి అవతల వేశారు, అక్కడ ఇసుక కలిసిన మట్టి, ఎన్ విలువ 9. మీరు ఈ రెండూ కలిపి సగటు 6 అని వేసి, దానిమీద 10 టన్నులు లెక్కగట్టారు.

జిగటమట్టినీ ఇసుకనీ కలిపి సగటు ఎలా తీస్తారండీ? ఇల్లు సగటు మీద నిలబడదు, ప్రతి స్తంభం దాని కింద ఉన్న మట్టి మీదే నిలబడుతుంది. జిగటమట్టి బలం ఉజ్జాయింపుగా ఎన్ విలువతో పాటే తగ్గుతుంది కాబట్టి, మీ పద్ధతిలోనే 6 బదులు 3 పెట్టి చూస్తే చెరువు వైపు 5 టన్నులే వస్తుంది.

ఆ తేడా ఏం చేస్తుందో మా ప్లాన్ మీదే చూడండి. 8 మీటర్లు పొడవూ 8 మీటర్లు వెడల్పూ ఉన్న రెండంతస్తుల ఇల్లు, నాలుగేసి మీటర్ల దూరంలో తొమ్మిది స్తంభాలు, మొత్తం బరువు దాదాపు 180 టన్నులు, నడిమి స్తంభం మీద ఒక్కదానిమీదే 40. మీ 10 టన్నుల లెక్కన నడిమి ఫుటింగ్ 2 మీటర్ల చదరం చాలు. 5 అయితే 2.8 మీటర్లు కావాలి. అన్ని ఫుటింగులూ కలిపితే 36 చదరపు మీటర్లు, అంటే ఇంటి అడుగు వైశాల్యంలో సగానికి పైనే. అంత దాటాక విడి గుంటలు తవ్వే బదులు ఇల్లంతటి కిందా ఒకే పలకగా వేసే రాఫ్ట్ ఆలోచించాలని మీకు నేను చెప్పక్కర్లేదు. రాఫ్ట్ చుట్టూ అరమీటరు బయటికి తీస్తే 81 చదరపు మీటర్లు వస్తుంది, దాని సొంత బరువు కలిపినా మట్టి మీద మూడు టన్నుల పైచిలుకే పడుతుంది. స్ట్రిప్ ఫుటింగ్ ఒక వరుసలోని స్తంభాలను కలిపి పట్టుకుంటుంది, నిజమే, కానీ పాత గట్టు గీత వరుసలను ఐమూలగా కోసుకుంటూ పోతోంది, వరుసకీ వరుసకీ మధ్య తేడాని అది ఆపలేదు.

అసలు టెన్షన్ కుంగుబాటు గురించి. పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 ప్రకారం విడి ఫుటింగుల మీద కట్టిన ఆర్‌సీసీ ఇంట్లో పక్కపక్క స్తంభాల మధ్య తేడా దూరంలో 0.0015 వంతు దాటకూడదు. మా 4 మీటర్లకు అది 6 మిల్లీమీటర్లు. ఇసుక వైపు కుంగేది కట్టేటప్పుడే చాలావరకు కుంగిపోతుంది, జిగటమట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. మీ రిపోర్టులో కుంగుబాటు లెక్క రెండో బోర్‌కి మాత్రమే ఉంది! రాఫ్ట్ వేసినా ఇల్లు చెరువు వైపు మొత్తంగా ఒరగొచ్చు, అందుకే ఆ లెక్క లేకుండా రాఫ్ట్ చాలుతుందో, లోతుగా దించే పైల్స్ దాకా వెళ్లాలో మా ఇంజినీరు గారు తేల్చలేకపోతున్నారు.

ఇంకొకటి, నీటి మట్టం 2.6 మీటర్లని రాశారు. అది మే నెలలో, కాలువలు కట్టేసి ఉన్నప్పుడు చూసింది. సార్వాకి నీళ్లు వదిలాక మా నూతిలో నీళ్లు వంగి చెంబుతో ముంచుకునేంత పైకొస్తాయి. ఇసుక వైపు ఫుటింగ్ నీళ్లలో ఉంటే అక్కడి మట్టి బలం దాదాపు సగానికి పడిపోవచ్చు, కాబట్టి అక్కడి 9ని కూడా నమ్ముకోలేం.

నాకు కావలసింది ఇది: ఒకటో బోర్ పక్కనే చెదరని నమూనా తీసి, దానికి కుంగుబాటు తేల్చే కన్సాలిడేషన్ పరీక్షా, బలం పరీక్షా చేయండి, అంత మెత్తటి మట్టిలో సుత్తి దెబ్బల లెక్క ఒక్కటే చాలదు. నీటి మట్టం నేల దాకా వచ్చిందనుకుని రెండు వైపులా ఎస్‌బీసీ, కుంగుబాటు విడివిడిగా ఇవ్వండి. పని మీ ఖర్చుతోనే జరగాలి, పాత రిపోర్టుని రద్దు చేస్తున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వాలి. తవ్వకం ఆపించాను, మేస్త్రికి ఇచ్చిన అడ్వాన్సు అలాగే ఉంది. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఈ లేఖా, మీ బోర్ లాగులూ జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
స్థలం యజమాని