మెట్ల అంచులకు వేసే రంగు గురించి భవనాల అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ కార్యాలయం మెట్లకు ఈమధ్య రంగు వేయించారు, సంతోషం. కానీ బూడిద రంగు రాయి మీద ముదురు ఎరుపు గీత పెద్దవాళ్లకు కనబడటం లేదు. మనకు అవి రెండు వేరే రంగులు. శుక్లాలున్న కంటికి రెండూ దాదాపు ఒకేలా ముదురుగా కనిపిస్తాయి. వాళ్లకు కావలసింది రంగులో తేడా కాదు, వెలుగులో తేడా. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి. గీత రాయిలో కలిసిపోతే ఆ రంగు దండగే.

గీత ఎక్కడ పడిందన్నది ఇంకా ముఖ్యం. మీవాళ్లు అంచుకు రెండంగుళాలు లోపలికి వేశారు. దిగేవాళ్లు గీతనే అంచు అనుకుంటారు, అడుగు తడబడుతుంది. సరిగ్గా అంచు నుంచే మొదలుపెట్టి, మెట్టు మీద రెండంగుళాల వెడల్పున, ముందువైపు కూడా కాస్త కిందికి వచ్చేలా లేత పసుపు వేయించండి. ప్రతి మెట్టుకూ వేయాలి, చివరిదానికి తప్పకుండా. మెరిసే పెయింట్ వద్దు, లైటు పడితే కళ్లు చెదురుతాయి, తడిస్తే కాలు జారుతుంది.

లోపల స్విచ్‌లకూ తలుపులకూ ఇదే మాట వర్తిస్తుంది. తెల్ల గోడ మీద తెల్ల స్విచ్‌బోర్డుకు చుట్టూ ముదురు నీలం పట్టీ చాలు. తలుపులకైతే చట్రం ముదురుగా ఉంటే సరిపోదు, సగం తెరిచిన తలుపు అంచు నుదుటికి తగులుతుంది. ఆ అంచుకూ రంగు వేయించండి.

ఇట్లు,
రోజూ ఆ మెట్లెక్కే ఒక పౌరుడు