పెద్దన్నతో మాట్లాడిన రోజు రాసిన నోట్స్

హైదరాబాద్

ఒరేయ్ రాజూ,

నీ ఉత్తరం చదివాను. ఇరవై ఏళ్ల నుంచి ఉన్న మీ అకౌంటెంట్ గారితో కూర్చుని గట్టిగా మాట్లాడావు, ఇప్పుడు ఆ మాటల్ని కాగితం మీద పెట్టాలంటే చెయ్యి ఆడట్లేదన్నావు. పోయిన నెల నాకూ అదే పరిస్థితి వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్తాను, నీకు పనికొచ్చేది తీసుకో.

బాలానగర్‌లో మా గోడౌన్ నీకు తెలుసు కదా. అక్కడ స్టోర్స్ చూసే ఆయన్ని అందరం పెద్దన్న అంటాం. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఏ పెట్టె ఏ ర్యాక్‌లో ఉందో చీకట్లో కూడా చెప్పగలడు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాకే చిక్కు మొదలైంది. సరుకు దిగగానే అది అందినట్టు సిస్టమ్‌లో జీఆర్ఎన్ ఎంట్రీ కొట్టాలి. ఆయనేమో పొడుగు నోట్‌బుక్‌లో రాసుకుని మర్నాడు కొడుతున్నాడు. సరుకు గోడౌన్‌లోనే ఉన్నా సిస్టమ్‌లో సున్నా కనిపించేసరికి, సేల్స్ వాళ్లు కస్టమర్‌కి స్టాక్ లేదని చెప్పేశారు. ఒకసారైతే పర్చేజ్ వాళ్లు ఉన్న సరుకునే మళ్లీ ఆర్డర్ పెట్టారు.

3వ తారీఖు మంగళవారం, పదకొండింటి చాయ్ అయ్యాక, చిన్న గదిలో ఇద్దరమే కూర్చున్నాం. ఎంట్రీలు లేటవుతున్నాయి అన్నా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పంతొమ్మిదేళ్లలో ఒక్క పెట్టె పోయిందా సార్? నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలతో నన్ను పోలుస్తారా?" అన్నాడు. గొంతు వణికింది. నాకూ బాధేసింది. అయినా ఆగి విన్నాను. అప్పుడు బయటపడ్డాయి అసలు సంగతులు. ట్రైనింగ్ పెట్టిన రోజు ఆయన లారీ దించుతున్నాడట. కొంచెంసేపు ముట్టుకోకపోతే లాగిన్ పోతుందట, సగం కొట్టిన ఎంట్రీ మళ్లీ మొదటి నుంచి కొట్టాలట. ఆయనకి తెలిసిన పాత పేర్లకీ సిస్టమ్‌లో కొత్త కోడ్‌లకీ పొంతన లేదట. వీటిలో ఒక్కటీ నాకు అప్పటిదాకా తెలియదు.

భోజనం కాగానే రాయడానికి కూర్చున్నాను. మర్నాటికి వదిలేస్తే ఆయన అన్న మాటలు పోయి నా అభిప్రాయాలే మిగులుతాయని నాకు అనుభవం. అంత జాగ్రత్తపడ్డా నా మొదటి వాక్యం ఎలా వచ్చిందో చూడు: "కొత్త సిస్టమ్ పట్ల ఆయనకు వ్యతిరేకత ఉంది, వైఖరి మారాలి." ఆ మాట గదిలో ఎవరూ అనలేదురా. అది నా కోపం. వైఖరి మారిందో లేదో రెండు వారాల తర్వాత దేన్ని చూసి చెప్తాను? కొట్టేశాను. దాని బదులు, "పోయిన నెల వచ్చిన 61 లోడ్లలో 22 లోడ్ల ఎంట్రీ మర్నాడు గానీ ఆ తర్వాత గానీ పడింది" అని రాశాను. ఇది ఆయనా నేనూ ఇద్దరం చూసి ఒప్పుకోగలిగిన మాట. ఆ కిందే ఆయన చెప్పిన మూడు కారణాలూ ఆయన మాటల్లోనే పెట్టాను. అవి లేకపోతే ఆ కాగితం చదివినవాళ్లకి ఆయన బద్ధకస్తుడిలా కనిపిస్తాడు.

ఇక ఒప్పుకున్న పనులు. ఇక్కడే మనం ఎక్కువగా జారిపోతాం. "ఎంట్రీలు సకాలంలో చేయాలి" అని రాస్తే ఎవరికి వాళ్లు ఒక అర్థం చెప్పుకుంటారు. నేను రాసింది ఇది: "సాయంత్రం 5 లోపు దిగిన లోడ్ ఎంట్రీ అదే రోజు 6 లోపు పడాలి, 5 తర్వాత దిగింది మర్నాడు ఉదయం 10 లోపు. బాధ్యత పెద్దన్నది." ఆ తర్వాత నా పేరు మీద రెండు. 6వ తారీఖు శుక్రవారం లోపు ఆయన ఒక్కడికే రెండు గంటల ట్రైనింగ్ పెట్టించాలి. లాగిన్ సంగతి 5వ తారీఖు లోపు ఐటీ వాళ్లని అడిగి, వాళ్లు ఏమన్నదీ ఆయనకి చెప్పాలి. లాగిన్ సరిచేయిస్తానని రాయలేదు చూశావా? అది నా చేతిలో లేదు. అడగడమూ జవాబు చెప్పడమూ నా చేతిలో ఉన్నాయి. ఇద్దరి పేరు మీదా ఇంకొకటి: ఎక్కువగా వచ్చే 120 ఐటమ్‌లకి పాత పేరు పక్కన కొత్త కోడ్ ఉండేలా చార్ట్. పేర్లు ఆయన చెప్తాడు, టైప్ చేసే మనిషిని నేనిస్తాను. పనులన్నీ ఆయన మీదే ఉండుంటే అది ఒప్పందంలా కాదు, హుకుంలా ఉండేది.

ఒప్పుకోని సంగతి కూడా రాశాను. ఆయన హెల్పర్‌ని అడిగాడు. ఈ మూడు నెలల్లో కుదరదన్నాను, ఆయన సరే అనలేదు. "హెల్పర్ విషయంలో ఏకాభిప్రాయం రాలేదు, 17న మళ్లీ మాట్లాడాలి" అని ఉన్నదున్నట్టు పెట్టాను. అది వదిలేసి అన్నీ కుదిరినట్టు రాసుంటే, మిగతా కాగితాన్ని కూడా ఆయన నమ్మేవాడు కాదు.

ఇంకో సున్నితమైన విషయం ఉంది. మాటల మధ్యలో తన ఆరోగ్యం గురించి ఒకటి చెప్పాడు, ఎవరికీ తెలియనివ్వొద్దన్నాడు. నోట్స్‌లో "పెద్ద మానిటర్ కావాలి, 10వ తారీఖు లోపు, బాధ్యత నాది" అని మాత్రమే రాశాను. పని జరగడానికి అంతకంటే అక్కర్లేదు. అలాగే, ఈ కాగితం ఎవరెవరు చూస్తారో ఆయన్ని పిలిచి ముందే చెప్పాను. ఇది మెమో కాదని కూడా చెప్పాను. మీ దగ్గర క్రమశిక్షణ చర్య ఆలోచన నిజంగా ఉంటే మాత్రం ఆ మాట అనకు. దాని దారి వేరు, హెచ్‌ఆర్‌ని అడిగి నోటీసు పద్ధతిలోనే వెళ్లాలి. స్నేహంగా రాసుకున్న నోట్స్‌ని తర్వాత ఆయన మీదకే సాక్ష్యంగా తేవడం చాలా అన్యాయం.

అలవాటు కొద్దీ మొదట ఇంగ్లీషులో రాశాను. ఇంగ్లీషు కాగితం ఇస్తే ఆయన చదవకుండానే సంతకం పెట్టేస్తాడని నాకు తెలుసు. అందుకే అంతా తెలుగులో మళ్లీ రాసి, సాయంత్రం గోడౌన్‌లోనే కూర్చుని చదివి వినిపించాను. ఒక చోట ఆపాడు. "దిగిన లోడ్ అంటే ఏది సార్? లారీ గేట్లోకి వచ్చినప్పుడా, లెక్క చూసుకున్నాకా?" నాకసలు తట్టని ప్రశ్న! ఆ రెండింటి మధ్య ఒక్కోసారి గంటన్నర పడుతుంది. "లెక్క చూసుకున్న లోడ్" అని దిద్దాం. ఆ దిద్దుబాటు ఆయన చేతే రాయించి, ఇద్దరం తారీఖు వేసి సంతకాలు పెట్టాం. ఒక కాపీ ఆయన జేబులోకి వెళ్లింది.

17న మళ్లీ కూర్చుని అదే కాగితం ముందు పెట్టుకున్నాం. ట్రైనింగ్ అయింది, మానిటర్ వచ్చింది. లాగిన్ గురించి ఐటీ జవాబు 9న గానీ రాలేదు, అప్పటిదాకా నేను ఆయనకి ఏమీ చెప్పలేదు. "నా వైపు నాలుగు రోజులు ఆలస్యం" అని ఆయన ఎదుటే రాశాను. చార్ట్ ఇంకా 80 దగ్గరే ఉంది. ఎంట్రీల సంగతికొస్తే 28 లోడ్లలో 4 లేటు. ఆ నాలుగింటి టైమ్‌లు చూస్తే, నాలుగూ రెండు లారీలు ఒకేసారి వచ్చినప్పటివే. అంటే ఆయన హెల్పర్ కావాలన్నది ఊరికే కాదు. మనిషిని ఇవ్వలేకపోయినా, రెండు లారీలు ఒకేసారి వస్తే డిస్పాచ్ నుంచి ఒకర్ని గంటసేపు పంపేలా కొత్త లైను రాసుకున్నాం, బాధ్యత నాది. ఏకాభిప్రాయం రాలేదన్న ఆ వాక్యం లేకపోతే ఆ నాలుగు లోడ్ల టైమ్‌లు నేను చూసేవాణ్ణే కాదు.

మీ అకౌంటెంట్ గారి నోట్స్ ఆయనకి ఇచ్చే ముందు నాకు ఫోన్‌లో చదివి వినిపించు. ఆయన అన్న మాటలేవో, నీ అభిప్రాయాలేవో విడిగా గుర్తు పెట్టి ఉంచు. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
శీను